ఇరవై నిముషాల ఆవని ఐదు నిముషాల్లో

పోయిన నెల నుంచి చాలామంది ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. "ఇంత కష్టపడి తీసిన ఆవని వీడియోని ఎందుకు నరుకుతా ఉండారు? మా మామ మాట్లాడింది ఉందా, తీసేసినారా?" అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేదానికంటే అందరికీ ఒకేసారి రాస్తే మేలనుకున్నాను. కొంచెం పొడుగుంటుంది, తీరిగ్గా చదవండి.

సంగతి ఇది. మనం తీసిన వీడియో సరిగ్గా ఇరవై నిముషాలు. బెంగళూరులో జరిగే సభలో ఒక్కో ఊరికి ఇచ్చింది ఐదు నిముషాలు. అంతకు ఒక్క సెకను మించినా మధ్యలో ఆపేస్తామని ముందే చెప్పినారు. కాబట్టి నాలుగింట మూడు వంతులు పోవాల్సిందే. ఏది పోవాలి, ఏది ఉండాలి అనేదే ప్రశ్న. కంప్యూటర్ దగ్గర కూర్చుని కత్తెర వేసేది మా తమ్ముడి కొడుకు. పక్కన పేపరు, పెన్సిలు పట్టుకుని కూర్చునేది నేను. రైల్వేలో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ టెలిగ్రాం రాసేటప్పుడు మాటకి మాట లెక్కపెట్టిన అలవాటు నాకుంది. ఆ అలవాటు ఇప్పుడు పనికొచ్చింది.

ముందు ఒక తేడా చెప్పాలి. సినిమావాళ్లు కత్తిరించేది పచ్చి సరుకు. 'అపోకలిప్స్ నౌ' అనే అమెరికా సినిమాకి తీసిన ఫిల్ము 230 గంటల పైన ఉండేదని, అందులోంచి తేలింది 2 గంటల 25 నిముషాలని, దాని ఎడిటర్లలో ఒకడైన వాల్టర్ మర్చ్ తన పుస్తకంలో రాసినాడు. అంటే తొంభై ఐదుకి ఒకటి. దాంతో పోలిస్తే మనది నాలుగుకి ఒకటే. వినడానికి సులభంగా ఉంది. కానీ మనది ఒకసారి వండి దించేసిన కూర. అందులో ప్రతి ముక్కా పక్క ముక్కకి అతుక్కుని ఉంది. ఒక మాట ముందు వస్తుంది, దానికి జవాబు నాలుగు నిముషాల తర్వాత వస్తుంది. ఒకటి తీస్తే ఇంకోటి అనాథ అవుతుంది.

అందుకే మొదట చేసిన పని, పూర్తయిన వీడియో ఫైలు మీద చెయ్యి పెట్టకపోవడం. అందులో మాట, గాలి, డప్పు, వెనక సంగీతం అన్నీ ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. మధ్యలో ఎక్కడ కోసినా సంగీతం కుంటుతుంది, చూసేవాళ్లకి తెలిసిపోతుంది. మా వాడి దగ్గర పాత ప్రాజెక్టు ఉంది. అందులో మాట ఒక వరస, అక్కడి శబ్దం ఒక వరస, సంగీతం ఒక వరసగా విడివిడిగా ఉన్నాయి. దాన్ని నకలు తీసి AVANI_05 అని పేరు పెట్టి, కోతంతా నకలు మీదే చేసినాము. అసలైన ఇరవై నిముషాలది AVANI_20 అని అలాగే ఉంది, చెక్కు చెదరలేదు. ఎవరి మాటా శాశ్వతంగా పోలేదని దీన్నిబట్టి తెలుసుకోండి.

ఇక లెక్క. ఇరవై నిముషాల్లో ఏముందో నేను పేపరు మీద రాసుకున్నాను. పేర్లు, స్వాగతం కలిపి నిముషం నలభై సెకన్లు. ముళబాగిలు నుంచి వచ్చే దారి నిముషమున్నర. కింద రామలింగేశ్వర గుడి ఆవరణ నాలుగున్నర నిముషాలు. శాసనం గురించి మేష్టరుగారు చెప్పింది రెండు నిముషాల నలభై. కొండ ఎక్కడం, పైన సీతమ్మ గుడి మూడు నిముషాల నలభై. జాతర మూడు నిముషాలు. ఒక అవ్వ మాట్లాడింది రెండు నిముషాలు. చివర్లో ధన్యవాదాలు ఒక నిముషం.

సంఘంలో ఒకరిద్దరు న్యాయంగా ఉండాలని ఒక దారి చెప్పినారు. అన్నిట్లోనూ సమానంగా నాలుగో వంతు ఉంచండి, ఎవరికీ బాధ ఉండదు అని. వినడానికి ధర్మంగానే ఉంది. కాగితం మీద వేసి చూస్తే దారికి ఇరవై రెండు సెకన్లు, మేష్టరుకి నలభై సెకన్లు, అవ్వకి ముప్పై సెకన్లు వచ్చింది. నలభై సెకన్లలో మేష్టరు శాసనం చదవగలడు, దాని అర్థం చెప్పలేడు. ముప్పై సెకన్లలో అవ్వ మాట మొదలవుతుంది, ముగియదు. అన్నిటికీ కొంచెం కొంచెం పంచితే ఏదీ పూర్తి కాదు. ప్యాసింజరు బండిని ఎక్స్‌ప్రెస్ చేయాలంటే కొన్ని స్టేషన్లలో పూర్తిగా ఆపకుండా పోవాలి. ప్రతి స్టేషన్లో పావు వంతు సేపు ఆపితే ఎక్కేవాళ్లు ఎక్కలేరు, దిగేవాళ్లు దిగలేరు.

ఏ స్టేషను వదలాలో తెలియాలంటే బండి ఎక్కడికి పోతుందో తెలియాలి. అందుకని వీడియో మొత్తాన్ని ఒక్క వాక్యంలో రాయమని మా వాడితో పందెం వేసుకున్నాను. మూడు సాయంత్రాలు పట్టింది. చివరికి నిలిచిన వాక్యం ఇది: "ఆవనిలో కొండ మీద నోటి మాట ఉంది, కొండ కింద రాతి మీద రాత ఉంది, ఊరు ఈ రెండూ పట్టుకుని బతుకుతోంది." ప్రతి ముక్కనీ ఈ వాక్యం ముందు నిలబెట్టి అడిగినాము: నువ్వు లేకపోతే ఈ వాక్యంలో ఏ భాగం పోతుంది? దారి పోతే ఏమీ పోదు. అది మొత్తం తీసేసినాము. స్వాగతం, ధన్యవాదాలు చెరి పది సెకన్లకి వచ్చినాయి. గుడి ఆవరణకి అరవై సెకన్లు, మేష్టరుకి అరవై, కొండకి డెబ్బై ఐదు, జాతరకి ముప్పై ఐదు, అవ్వకి యాభై. కూడి చూడండి, మూడు వందల సెకన్లు, ఐదు నిముషాలు.

ఇక్కడిదాకా గుమాస్తా లెక్క. కష్టం దీని తర్వాత మొదలవుతుంది. ముక్క లోపల ఎక్కడ కోయాలి?

మన ఊరి సంగతి మీకు తెలుసు. కొండ మీద వాల్మీకి ఆశ్రమం ఉండేదని, సీతమ్మ అక్కడే లవకుశులను కన్నదని చిన్నప్పటి నుంచి వింటున్నాము. మన ఇరవై నిముషాల వీడియోలో ఆ మాట ఇలా ఉంది: "ఈ కొండ మీదే వాల్మీకి మహర్షి ఆశ్రమం ఉండేదని, సీతమ్మ ఇక్కడే లవకుశులను కన్నదని మా ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు." మా వాడు చివరి నాలుగు మాటలు కోసి వినిపించినాడు: "ఈ కొండ మీదే వాల్మీకి మహర్షి ఆశ్రమం ఉండేది. సీతమ్మ ఇక్కడే లవకుశులను కన్నది." మూడు సెకన్లు కూడా మిగల్లేదు, కానీ మాట మొత్తం మారిపోయింది. ముందు చెబుతున్నది ఊరు. ఇప్పుడు చెబుతున్నది వీడియో, అంటే మన సంఘం. గంగ ఒడ్డున కాన్పూరు దగ్గర బిఠూరు అనే ఊరుంది. వాళ్లూ వాల్మీకి ఆశ్రమం తమ దగ్గరే అంటారు, లవకుశులు అక్కడే పుట్టినారంటారు. సభలో ఎవరో ఒకరు లేచి అడిగితే మొదటి వాక్యానికి మన దగ్గర జవాబు ఉంది: మా ఊరి నమ్మకం అదయ్యా అని. రెండో వాక్యానికి ఏం చెబుతాం?

నేను చదివింది కేజీఎఫ్‌లో తమిళ మీడియం బడిలో. తెలుగు ఇంట్లో విన్నది, అక్షరాలు తర్వాత నేర్చుకున్నది. అందుకేనేమో నాకు తెలుగు కంటితో కంటే చెవితో ఎక్కువ తెలుస్తుంది. చెవి చెప్పేది ఏమంటే, మన భాషల్లో అసలు అర్థం వాక్యం తోకలో ఉంటుంది. ఇంగ్లీషువాడు 'వాళ్లు అంటారు' అనేది ముందే చెప్పేస్తాడు, 'కాదు' అనేది కూడా ముందే వచ్చేస్తుంది. మనకి 'అంటారు', 'అంట', 'కాదు', 'లేదు' అన్నీ చివర్లో వస్తాయి. తమిళంలో 'ఇల్లై', కన్నడంలో 'ఇల్ల', అవీ తోకలోనే. ఎడిటింగ్ నేర్పేవాళ్లు ఇంగ్లీషులో ఒకటి చెబుతారు, వాక్యంలో చివరి నసుగుడు కోసెయ్యి, బిగువుగా ఉంటుంది అని. ఆ సలహా మన భాషకి ప్రమాదం. మనం కోయాలంటే ముందు భాగం కోయాలి, లేదా మధ్యలో విశేషణాలు కోయాలి, లేదా వాక్యం మొత్తం తీసేయాలి. తోక మాత్రం ముట్టకూడదు. కొండ వాక్యాన్ని చివరికి ఇలా చేసినాము: "సీతమ్మ ఇక్కడే లవకుశులను కన్నదని మా ఊరి మాట." ఏడు మాటలు. ఆశ్రమం పోయింది, ఊరి మాట అనేది నిలిచింది.

మాటల లెక్క వచ్చింది కాబట్టి ఇంకోటి. నేను గడియారం పెట్టుకుని మామూలు నిదానంలో చదివితే నిముషానికి తొంభై మాటలు పోయినాయి. అంటే గుడి ఆవరణకి ఇచ్చిన అరవై సెకన్లలో మాటలు డెబ్బైకి మించకూడదు, మిగతా కాసేపు బొమ్మ ఊరికే ఉండాలి, రాతి స్తంభం చూసేదానికి. పాతదానిలో అక్కడ మూడు వందల పైన మాటలున్నాయి. వాటిని కోసి అతికించడం కుదరదు. కొత్తగా రాసి కొత్తగా చదివించినాము. రాముడి పేరున, లక్ష్మణుడి పేరున, భరతుడి పేరున, శత్రుఘ్నుడి పేరున ఉన్న లింగాల గుడులు ఒకే ప్రహరీలో ఉన్నాయని, నొలంబ రాజుల కాలం నాటి పని అని, ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉందని చెప్పి ఆపేసినాము. ఒక్కో గుడి ముందు నిలబడి చెప్పిన వివరం పోయింది. అది నిజంగా నష్టమే, కాదనను. కొందరు అన్నట్టు గొంతు వేగం పెంచి అన్నీ ఇరికించవచ్చు, మిషన్లో ఆ వసతి ఉంది. కానీ వినేవాడికి మాట చెవిలో పడి లోపలికి పోయేదానికి పట్టే టైము మిషన్ తగ్గించలేదు.

ఇప్పుడు మేష్టరుగారి సంగతి. ఆయన మాట్లాడిన నూట అరవై సెకన్లు ఇలా ఉన్నాయి. తన గురించి నలభై సెకన్లు. 1905లో లూయిస్ రైస్ కోలారు జిల్లా శాసనాలన్నీ కలిపి అచ్చు వేయించిన సంగతి ఇరవై ఐదు సెకన్లు. శాసనం కన్నడంలో చదవడం ముప్పై ఐదు. అర్థం చెప్పడం ముప్పై ఐదు. చివర్లో సొంత మాట ఇరవై ఐదు. అర్థం ఇది: త్రిభువనకర్తార అనే తపస్వి పదో శతాబ్దంలో ఆవని స్థానాన్ని నలభై ఏళ్లు ఏలినాడు, యాభై గుడులు కట్టించినాడు, రెండు పెద్ద చెరువులు తవ్వించినాడు. ఆయన సొంత మాట: "గుడులకి అందరూ ఫోటో తీస్తారు, చెరువుల్ని ఎవరూ అడగరు."

మా వాడు మొదట ఉంచింది శాసనం చదవడం, చివరి మాట. రెండూ వినసొంపుగా ఉన్నాయి కాబట్టి. నేను కళ్లు మూసుకుని విన్నాను. గుడులు, చెరువులు అంటున్నాడు, ఎవరి గుడులు, ఏ చెరువులు? ఆ మాటకి ఆధారమైన అర్థం మధ్యలో పోయింది. ఏ ముక్కనైనా ఉంచాలంటే అది దేని మీద నిలబడిందో అదీ ఉండాలి. అందుకని అర్థం ముప్పై సెకన్లు, చివరి మాట ఇరవై సెకన్లు ఉంచి, చదవడం పది సెకన్లే ఉంచినాము. ఆ పది సెకన్లు కూడా మనిషి కనపడడు, రాతి మీద అక్షరాలు కనపడతాయి, గొంతు వినపడుతుంది. ఇంకో చిక్కు వచ్చింది. అర్థం చెప్పేటప్పుడు మేష్టరు 'ఆయన' అని మొదలు పెడతాడు, పేరు అంతకుముందు కోసిన భాగంలో ఉంది. చూసేవాడు ఆయనంటే లూయిస్ రైసో, మేష్టరో అనుకుంటాడు. కాబట్టి పేరు ఉన్న ఒక్క వాక్యం వెనక నుంచి తెచ్చి ముందు పెట్టినాము. కోసిన ప్రతిచోటా 'ఆయన', 'అక్కడ', 'అందుకే', 'ఇది' అనే మాటలు వెతకండి. అవి వేలు చూపించే మాటలు. వేలు చూపించిన వస్తువు తీసేస్తే వేలు మాత్రం గాలిలో మిగులుతుంది.

ఆ తపస్వి నలభై ఏళ్లని శాసనం కొన్ని వరుసల్లో చెప్పింది. రాయి చెక్కేవాడికీ జాగా కొలతే. ఆయన రోజూ ఏం తిన్నాడో, ఎవరితో గొడవ పడినాడో రాయలేదు. ఎన్నేళ్లు, ఎన్ని గుడులు, ఎన్ని చెరువులు అని మూడు అంకెలు నిలిపినాడు. వెయ్యేళ్ల తర్వాత కూడా మనకి అర్థమవుతోంది.

అవ్వ దగ్గరికి వస్తాను. ఫోన్లు ఎక్కువ వచ్చింది ఈమె గురించే. శివరాత్రి జాతర గురించి అడిగితే ఆమె చెప్పింది: "మా కాలంలో జాతరంటే ఎద్దులేనప్పా. దుమ్ము లేస్తే కొండ కనపడేది కాదు. ఇప్పుడేముంది, అంతా ట్రాక్టర్లు." తర్వాత నాలుగు సెకన్లు ఏమీ మాట్లాడదు, కొండ వైపు చూస్తుంది. ఆ పైన అంటుంది: "అయినా పోకుండా ఉండేకి అయితాదా?"

మూడు వందల సెకన్లలో నాలుగు సెకన్ల మౌనం అంటే అందరికీ దుబారాగానే తోస్తుంది. దాన్ని తీసి చూసినాము. ట్రాక్టర్లు అనగానే అయినా పోకుండా ఉంటానా అంటే, ఎవరో నేర్పించిన పాఠం అప్పజెప్పినట్టుంది. ఇంకో రకంగా, ట్రాక్టర్లు అనే మాటతో ఆపి చూసినాము. అది గట్టిగా తగిలింది, మా వాడికి బాగా నచ్చింది. కానీ అప్పుడు ఆమె జాతర చచ్చిపోయిందని చెప్పినట్టయింది. ఆమె చెప్పింది దానికి తిరుగు మాట. ఇక్కడా అర్థం తోకలోనే ఉంది, ఈసారి వాక్యం తోకలో కాదు, మాటల తోకలో. కాబట్టి ఆమె పెనిమిటి కథ, ఎద్దు ధర కథ రెండూ తీసేసి, మౌనాన్ని అలాగే ఉంచినాము. ఎద్దు ధర కథ చాలా బాగుంటుంది, పెద్దదానిలో చూడండి.

రెండు కథలు తీసేస్తే ఆమె ముఖం ఒక్క క్షణంలో ఎడమ నుంచి కుడికి ఎగిరినట్టు కనపడుతుంది. దాన్ని దాచేదానికి అతుకు మీద ఆమె చేతులో, జాతర మైదానమో రెండు మూడు సెకన్లు చూపిస్తారు. కంటికి అతుకు తెలియదు. చెవికి తెలుస్తుంది, ఎందుకంటే ఒక ముక్కలో గాలి ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ, మధ్యలో టక్కుమని తేడా. అందుకు అక్కడే ఊరికే రికార్డు చేసుకున్న అర నిముషం గాలి శబ్దాన్ని రెండు ముక్కల కింద ఒకే దుప్పటిలా పరిచినాము. అయితే ఈ దాచే విద్యకి ఒక హద్దు పెట్టుకున్నాము. ఒక ప్రశ్నకి చెప్పిన జవాబుని ఇంకో ప్రశ్నకి అతికించకూడదు. ఆమె చెప్పిన వరస మార్చకూడదు. అతుకు ఎంత నునుపుగా ఉంటే అబద్ధం అంత సులభంగా జరిగిపోతుంది. కోసిన తర్వాత ఆమె ఇంటికి పోయి ఫోన్లో ఆ యాభై సెకన్లు వినిపించినాము. "నేను అన్నది ఇదే" అనింది. ఆ మాట రాకపోయి ఉంటే ఆమె భాగం మొత్తం తీసేసేవాళ్లం.

మొదటి కోత పూర్తయ్యేసరికి 5 నిముషాల 48 సెకన్లు వచ్చింది. ఆ నలభై ఎనిమిది సెకన్లు మాటల్లోంచి తీయలేదు. జాతర డప్పుల్లోంచి ఇరవై ఐదు, కొండ మెట్లలోంచి ఇరవై మూడు తీసినాము. మెట్లు ఎక్కడం మూడు బొమ్మల్లో సరిపోయింది: కింద మొదటి మెట్టు, సగంలో కూర్చుని నీళ్లు తాగడం, పైన గాలి. మధ్యలోది చూసేవాడే ఎక్కుతాడు. కానీ పైనుంచి ఊరు కనపడే బొమ్మ పద్నాలుగు సెకన్లు అలాగే ఉంచినాము. అన్ని బొమ్మలూ మూడేసి సెకన్లు అయితే వీడియో సబ్బు ప్రకటన అవుతుంది. ఒకచోటైనా కన్ను కుదురుగా నిలవాలి.

పరీక్ష రెండు రకాలు. బొమ్మ మూసి మాట మాత్రం వినాలి, కథ తెగిందా చూడాలి. తర్వాత ఆవని పేరే వినని మనిషికి ఒక్కసారి చూపించి, ఏం అర్థమైందో చెప్పమనాలి. బాగుందా అని అడగకూడదు, అందరూ బాగుందనే అంటారు. మా వాడి స్నేహితుడు, హుబ్బళ్లి అబ్బాయి, చూసి చెప్పింది: "కొండ మీద సీతమ్మ కథ చెబుతారు. కింద గుడులు, చెరువులు కట్టించినవాడి శాసనం ఉంది. ఎద్దులు తగ్గినా అవ్వ జాతర వదలదు." నేను రాసుకున్న వాక్యం చూపించకుండానే దాదాపు అదే చెప్పినాడు. రామలింగేశ్వర గుడి ఎన్నో శతాబ్దం అని అడిగితే మాత్రం చెప్పలేకపోయినాడు. అందుకని ఆ బొమ్మ మీద 'నొలంబ కాలం, 10వ శతాబ్దం' అని అక్షరాలు వేసినాము, రెండుసార్లు చదివే సేపు.

ఈ కోతలో ముఖం పోయినవాళ్లు పదకొండు మంది. వాళ్లందరికీ సభకి ముందే నేనే ఫోన్ చేసి చెబుతున్నాను, హాల్లో కూర్చుని తెలుసుకోకూడదు కాబట్టి. వచ్చే ఆదివారం సాయంత్రం సంఘం గదిలో ముందు చిన్నది, తర్వాత పెద్దది వేస్తాము. చిన్నది అయిపోగానే మీకేం అర్థమైందో ఒక చీటీలో రెండు వాక్యాలు రాసివ్వండి. ఎవరిది ఎందుకు తీసేసినారని తర్వాత అడగండి, పేపరు దగ్గరే ఉంటుంది, చూపిస్తాను. మా అవ్వ మాట మారిందనో, మేష్టరు మాట మారిందనో ఎవరికైనా అనిపిస్తే ఆ సెకను రాసి చెప్పండి. సభకి ఇంకా పన్నెండు రోజులుంది, సరిచేసే టైముంది.